సప్లయర్లకు 20 రోజులకు బదులు 45 రోజులకు కడితే సీసీ నిజంగా తగ్గుతుందా?

గోదావరిగట్టు (రాజమహేంద్రవరం)

అందరికీ నమస్కారమండి. మాది పైపులు, ఫిట్టింగులు, శానిటరీ సామాను హోల్‌సేల్ షాపు. నాన్నగారు పెట్టిన షాపు, మూడేళ్లుగా లెక్కలు నేను చూస్తున్నాను. అమ్మకాలు ఏడాదికి 7.30 కోట్లు, అంటే రోజుకు సగటున 2 లక్షలు. కొనుగోలు ధర ప్రకారం చూస్తే రోజుకు 1.80 లక్షల సరుకు బయటికి వెళ్తుంది.

గోడౌన్‌లో 1.08 కోట్ల సరుకుంది, అంటే 60 రోజులకు సరిపడా. రిటైల్ షాపులు, బిల్డర్ల దగ్గర బాకీలు 90 లక్షలు, అవి 45 రోజుల అమ్మకాలు. మేం సప్లయర్లకు కట్టాల్సింది 36 లక్షలు, అంటే 20 రోజుల కొనుగోళ్లు. 60కి 45 కలిపి 20 తీసేస్తే 85 రోజులు మా రూపాయి బయటే తిరుగుతోంది. దానికి కావాల్సిన 1.62 కోట్లలో సొంత డబ్బు 60 లక్షలు, మిగతా 1.02 కోట్లు బ్యాంకు సీసీ, అంటే క్యాష్ క్రెడిట్ అప్పు. వడ్డీ పదిన్నర శాతం. ప్రతి నెలా సీసీ అంచుదాకా వాడేస్తున్నాం. నెలాఖరు వచ్చిందంటే ఇంట్లో అందరికీ టెన్షన్.

ఇప్పుడు నా ఆలోచన. చుట్టుపక్కల షాపులవాళ్లంతా కంపెనీలకు 45 రోజులకు కడుతున్నారు, మేమే 20 రోజులకు కట్టేస్తున్నాం. మేమూ 45 రోజులకు మారితే 25 రోజులు మిగులుతాయి. రోజుకు 1.80 లక్షల చొప్పున 45 లక్షలు. ఆ డబ్బుతో టైల్స్ ఏజెన్సీ ఒకటి తీసుకుందామని ఉంది. లేదంటే సరుకును 60 రోజుల నుంచి 45కి తగ్గించాలి, అప్పుడు 27 లక్షలు వస్తాయి. రెండిట్లో ఏది ముందు చేయమంటారు?

చందు_ఎంబీఏ (హైదరాబాద్)

రెండూ చేసేయండి అన్నా. డబ్బు తిరిగొచ్చే సైకిల్ 85 రోజులు కాస్తా 45కి వస్తుంది, మొత్తం 72 లక్షలు ఫ్రీ అవుతాయి. సప్లయర్ అరువుకు వడ్డీ లేదు, బ్యాంకుకు పదిన్నర ఉంది. అలాంటప్పుడు బ్యాంకు డబ్బు వాడటం దేనికి? డెల్, అమెజాన్ పెరిగింది ఇలాగే. కస్టమర్ దగ్గర ముందు తీసుకుని, సప్లయర్‌కు తర్వాత కట్టాయి. వాళ్ల సైకిల్ సున్నా కంటే కిందకి పోయింది. పైగా చట్టం ప్రకారం ఏ సప్లయర్‌కైనా 45 రోజుల టైమ్ ఉంటుంది, కాబట్టి 20 రోజులకే కట్టాల్సిన పనే లేదు.

మల్లేశం_కిరాణా (సిద్దిపేట)

తమ్మీ, క్యాష్‌తోని జర పైలం. ఒక్క రోజుల ఒక్కరికి 10,000 దాటి నగదు కడితే ఆ ఖర్చును ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు ఒప్పుకోరు. మా అన్న కొడుక్కి పోయినేడు గట్లనే అయింది. 45 లక్షలు క్యాష్ తిప్పుడు అస్సలు పెట్టుకోకు.

గోదావరిగట్టు

మల్లేశం గారూ, మంచి మాటే చెప్పారండి, కానీ నేనడిగింది చేతి నగదు గురించి కాదు. కట్టేదంతా ఆర్‌టీజీఎస్‌లోనే కడతాం. సరుకు కొన్న రోజు నుంచి దాని డబ్బు తిరిగి బ్యాంకులో పడేదాకా ఎన్ని రోజులు పడుతోంది, ఆ రోజుల ఖర్చు ఎవరు మోస్తున్నారు అన్నదే నా ప్రశ్న.

పాత_బ్యాంకరు (విజయవాడ)

బాబూ, నేను 31 ఏళ్లు బ్యాంకులో చేశాను, అందులో ఎక్కువ కాలం అప్పుల విభాగమే. మీ 85 రోజుల లెక్క సరిగానే ఉంది. కానీ ఆ 45 లక్షలు మీ చేతికి వస్తాయనుకోవడం దగ్గర లెక్క తప్పింది. ఒకసారి మీ శాంక్షన్ లెటర్ తీసి, డ్రాయింగ్ పవర్, అంటే మీ సరుకూ బాకీలూ చూసి ఏ నెల ఎంత వాడుకోనిస్తారన్న డీపీ, ఎలా కడతారో చూడండి. సరుకు మీద మార్జిన్ ఎంత, బాకీల మీద ఎంత, ఎన్ని రోజులు దాటిన బాకీలు తీసేస్తారు? ఆ మూడూ చెప్పండి.

గోదావరిగట్టు

చూశానండి. లిమిట్ 1.10 కోట్లు. సరుకు మీద 25 శాతం, బాకీల మీద 40 శాతం మార్జిన్. 90 రోజులు దాటిన బాకీలు లెక్కలోకి రావు, అలాంటివి మాకు 10 లక్షలున్నాయి.

పాత_బ్యాంకరు

అయితే కలిసి వేద్దాం. బ్యాంకు మీ సరుకు మొత్తానికీ అప్పివ్వదు, మీరు డబ్బు కట్టేసిన సరుకుకే ఇస్తుంది. కట్టని సరుకుకు సప్లయరే అప్పిచ్చినట్టు. అదే సరుకును చూపించి బ్యాంకు దగ్గరా తీసుకుంటే ఒకే వస్తువు మీద రెండు అప్పులవుతాయి. అందుకే సరుకులోంచి క్రెడిటర్లను, అంటే సప్లయర్లకు మీరు కట్టాల్సింది, తీసేశాకే మార్జిన్ వేస్తారు.

ఇప్పుడు మీ పరిస్థితి:

```
(108 - 36) × 75% = 54.00
(90 - 10)  × 60% = 48.00
డీపీ             = 102.00 లక్షలు
```

మీరు వాడుతున్నది సరిగ్గా ఇదే, 1.02 కోట్లు. లిమిట్ 1.10 అని ఉన్నా మీకు అందేది ఇంతే.

ఇప్పుడు 45 రోజులకు మారండి. క్రెడిటర్లు 36 నుంచి 81 లక్షలవుతారు.

```
(108 - 81) × 75% = 20.25
(90 - 10)  × 60% = 48.00
డీపీ             = 68.25 లక్షలు
```

మీ దగ్గర 45 లక్షలు మిగిలిన మాట నిజమే. వాటిని సీసీలో వేస్తే బాకీ 102 నుంచి 57కి దిగుతుంది. వడ్డీ ఆ మేరకు తగ్గుతుంది, అదీ నిజమే. కానీ డీపీ కూడా 68.25కి దిగింది. అంటే మళ్లీ తీసుకోవడానికి మీకున్న చోటు 11.25 లక్షలు మాత్రమే. 45 లక్షల్లో 33.75 లక్షలు బ్యాంకు డబ్బు, అది బ్యాంకుకే తిరిగి వెళ్లింది. మీరు సరుకులో పెట్టిన 25 శాతం మార్జిన్ భాగం ఒక్కటే మీకు విడుదలైంది.

ఆ 45 లక్షలు తీసి టైల్స్‌లో పెట్టారనుకోండి. సీసీ బాకీ 102 దగ్గరే ఉంటుంది, డీపీ 68.25. తర్వాతి నెల స్టాక్ స్టేట్‌మెంట్ ఇచ్చిన రోజునే మీ ఖాతా 33.75 లక్షలు ఓవర్ అవుతుంది. అప్పుడు మీ చెక్కులు ఆగుతాయి. కొత్త టైల్స్ సరుకు వస్తే దానిమీద కొంత డీపీ రావచ్చు. డిపాజిట్‌కూ షోరూమ్ పనికీ పెట్టిన డబ్బు మీద మాత్రం రూపాయి కూడా రాదు.

గోదావరిగట్టు

ఇది రెండుసార్లు చదివానండి. నేను సైకిల్ ఒక్కటే చూశాను, డీపీ ఆలోచనే రాలేదు. మరి సరుకు తగ్గిస్తే?

పాత_బ్యాంకరు

డీపీ లెక్కలో అదీ ఇంతే. సరుకు 108 నుంచి 81కి దిగితే 27 లక్షలు సీసీలో పడతాయి, బాకీ 75. డీపీ 81.75. మీకు మిగిలే చోటు 6.75 లక్షలు. ఇందులోనూ నాలుగో వంతే. తేడా ఎక్కడంటే, అమ్మేసిన సరుకు గురించి రేపు ఎవరూ మీకు ఫోన్ చెయ్యరు. సాగదీసిన బిల్లుకు మాత్రం చేస్తారు. ఒక కంపెనీ పాలసీ మార్చి 'ఇకనుంచి 21 రోజులే' అంటే, 45 లక్షలు ఒక్కసారిగా తిరిగి కట్టాలి. కట్టేకొద్దీ డీపీ పెరుగుతుంది కానీ 33.75 వరకే. మిగతా 11.25 మీ జేబులోంచి రావాలి. అది అప్పటికే ఖర్చయిపోతే లారీ రాదు.

ఆంజనేయ_ట్రేడర్స్ (నరసరావుపేట)

ఇంత భయపడక్కర్లేదు బ్రదర్. లిమిట్ పెంచమని అడగండి. 5 కోట్ల లోపు లిమిట్లకు టర్నోవర్‌లో 20 శాతం ఇవ్వాలి కదా. మీ 7.30 కోట్లకు 1.46 కోట్లు వస్తుంది. ఇక స్టాక్ స్టేట్‌మెంట్ అంటారా, క్రెడిటర్ల కాలమ్‌లో ఎంత రాయాలన్నది మన చేతిలో పని. మా వైపు చాలామంది అక్కడ చిన్న నంబరే వేస్తారు.

పాత_బ్యాంకరు

20 శాతం లెక్క సరైనదే, నాయక్ కమిటీ పద్ధతి అది. కానీ ఆయన అడ్డంకి లిమిట్ కాదు. ఉన్న 1.10 కోట్లే పూర్తిగా అందడం లేదు. 1.46 కోట్లకు పెంచినా డీపీ 1.02 అయితే అందేది 1.02 కోట్లే.

రెండో మాట మాత్రం దయచేసి ఎవరూ చెయ్యకండి. స్టేట్‌మెంట్‌లో క్రెడిటర్లు 36 అని రాసి మార్చి బ్యాలెన్స్ షీట్‌లో 81 చూపిస్తే, రెన్యూవల్ ఫైల్ తెరిచిన కుర్రాడికి పది నిమిషాల్లో తెలిసిపోతుంది. నేను ఆ కుర్రాడిగానే మొదలుపెట్టాను. ఫిబ్రవరి స్టేట్‌మెంటూ మార్చి బ్యాలెన్స్ షీటూ పక్కపక్కన పెట్టడమే మాకు నేర్పిన మొదటి పని. ఇప్పుడు జీఎస్‌టీ రిటర్నులు కూడా చూస్తున్నారు. తప్పుడు స్టేట్‌మెంట్ ఇచ్చినట్టు తేలితే అది బాకీ సమస్యగా మిగలదు, మోసం కింద చూసే అవకాశం ఉంటుంది.

ఇంకోటి. ఖాతా డీపీ కంటే పైన వరసగా 30 రోజులు దాటితే బ్యాంకు హెచ్చరిక జాబితాలో ఎస్‌ఎంఏ-1, 60 దాటితే ఎస్‌ఎంఏ-2, 90 దాటితే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. వడ్డీ సక్రమంగా కడుతున్నా సరే, బాకీ డీపీ కిందకి రాకపోతే గడియారం నడుస్తూనే ఉంటుంది. ఇది తెలియక దెబ్బతిన్న మంచి వ్యాపారుల్ని నేను చూశాను.

లెక్కలమ్మ_సీఏ (విశాఖపట్నం)

బ్యాంకరు గారి లెక్కకు ముందు అడగాల్సింది ఒకటుంది. గోదావరిగట్టు గారూ, మీరు 20 రోజులకే ఎందుకు కడుతున్నారు? నాన్నగారు ఊరికే పెట్టిన అలవాటా, లేక బిల్లు మీద ఏమైనా రాసుందా?

గోదావరిగట్టు

నాన్నగారిని అడిగానండి. పెద్ద పైపుల కంపెనీ ఒకటుంది, మా కొనుగోళ్లలో 4.80 కోట్లు వాళ్ల దగ్గరే. బిల్లు తేదీ నుంచి 21 రోజుల్లో కడితే 2 శాతం సీడీ, అంటే క్యాష్ డిస్కౌంట్. తర్వాత 45 రోజులదాకా కట్టొచ్చు కానీ సీడీ ఉండదు. మిగతా 1.77 కోట్లు చిన్నవాళ్ల దగ్గర. జామ్‌నగర్ ఇత్తడి ఫిట్టింగులవాళ్లు ఇద్దరు, ఇక్కడి ట్యాంకులవాళ్లు, ఒక రబ్బరు వాషర్ల యూనిట్. వాళ్లకు సీడీ లేదు, రాతకోతలూ ఏమీ లేవు. ఫోన్‌లో ఆర్డర్, 20 రోజులకు పేమెంట్.

లెక్కలమ్మ_సీఏ

సమాధానం మీ నాన్నగారి అలవాటులోనే ఉందండి.

పైపుల కంపెనీ సంగతి మొదట చూద్దాం. 4.80 కోట్ల మీద 2 శాతం అంటే ఏడాదికి 9.60 లక్షలు. 45 రోజులకు మారితే ఇదంతా పోతుంది. బదులుగా ఏం వస్తుంది? 25 రోజుల కొనుగోళ్లు సుమారు 32.9 లక్షలు, వాటి మీద పదిన్నర శాతం వడ్డీ మిగులు 3.45 లక్షలు. ఏడాదికి 6.15 లక్షల నష్టం. ఇంకోలా చూస్తే, 98 రూపాయలు 25 రోజులు ఆలస్యంగా కట్టడానికి 2 రూపాయలు ఇస్తున్నారు. ఏడాదికి లెక్కేస్తే దాదాపు 30 శాతం వడ్డీ. పదిన్నర శాతం బ్యాంకు అప్పు తీర్చడానికి 30 శాతం అప్పు తెచ్చుకున్నట్టు. చందు గారు వడ్డీ లేని డబ్బు అన్నది దీన్నే. బిల్లులో వడ్డీ అన్న మాట కనపడదు కాబట్టి లేదనిపిస్తుంది.

ఇక చిన్నవాళ్లు. ఏ సప్లయర్‌కైనా 45 రోజులు ఉంటుందన్నది సరికాదు. సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొన్నప్పుడు, రాతపూర్వక ఒప్పందం ఉంటేనే గరిష్ఠంగా 45 రోజులు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. మీకు రాతకోతలు లేవంటున్నారు, అంటే ఇప్పుడు కడుతున్న 20 రోజులే గడువు దాటినట్టు. 2023-24 నుంచి ఆదాయపు పన్ను చట్టం ప్రకారం, మార్చి 31 నాటికి గడువు దాటి నిలిచిన బిల్లు ఆ ఏడాది ఖర్చుగా ఒప్పుకోరు. కట్టిన ఏడాదిలోనే ఒప్పుకుంటారు.

మీ చిన్న సప్లయర్ల కొనుగోలు రోజుకు సుమారు 48,500. ఒప్పందం లేకుండా 45 రోజులకు లాగితే మార్చి చివర్లో కనీసం 30 రోజుల బిల్లులు, అంటే 14.5 లక్షలు ఆదాయానికి కలుస్తాయి. మీది భాగస్వామ్య సంస్థ అయితే దాదాపు నాలుగున్నర లక్షల పన్ను ముందే కట్టాలి. ఈ మొత్తం శాశ్వతంగా పోదు, కానీ ప్రతి మార్చికీ అంతే బాకీ నిలుపుకుంటూ పోతే ఆ నాలుగున్నర లక్షలు ఎప్పటికీ బయటే ఉంటాయి. దీనికితోడు ఆలస్యానికి ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్లు వడ్డీ అడిగే హక్కు వాళ్లకుంది, ఆ వడ్డీని మీరు ఖర్చుగా చూపలేరు.

ఒక మినహాయింపు. ఇది తయారీదారులకూ సేవలవాళ్లకూ వర్తిస్తుంది. మీ జామ్‌నగర్ సప్లయర్ స్వయంగా తయారుచేస్తున్నాడా, లేక వేరేవాళ్ల సరుకు కొని అమ్ముతున్నాడా అన్నది అతను చిన్న సంస్థగా నమోదైన ఉద్యమ్ సర్టిఫికెట్ తెప్పించుకుని చూడండి. పెద్ద పైపుల కంపెనీకి ఈ నిబంధన లేదు. దాని విషయంలో సీడీ ఒక్కటే లెక్క.

కాటేదాన్_ట్యాంకులు (హైదరాబాద్)

నేను అవతలి పక్క మనిషిని, నా మాట కూడా వినండి. నీళ్ల ట్యాంకులు తయారుచేస్తాను, 14 మంది పనిచేస్తారు. ప్లాస్టిక్ పొడి కొనాలంటే నేను ముందు డబ్బు కట్టాలి, లేకపోతే డిపో వాడు లోడ్ చెయ్యడు. ట్యాంకు అమ్మాక ఒక పెద్ద కొనుగోలుదారు 60 రోజులు అన్నాడు, తర్వాత 90 అన్నాడు, పోయిన ఏడాది 110 రోజులకు వచ్చింది. వాళ్ల సైకిల్ తగ్గిందని ఎవరో మీటింగ్‌లో చప్పట్లు కొట్టి ఉంటారు. ఆ రోజులు మాయం కాలేదు, నా సీసీలోకి వచ్చి కూర్చున్నాయి. నా వడ్డీ వాళ్ల వడ్డీ కంటే రెండు శాతం ఎక్కువ. కేసు వెయ్యొచ్చు, సమాధాన్ పోర్టల్ ఉంది. వేసిన మర్నాడు ఆర్డర్ ఉండదు.

ఇప్పుడు ఆ కొనుగోలుదారుకు ట్యాంకుకు 3 శాతం ఎక్కువ వేస్తున్నాను. 20 రోజులకు కట్టే రాజమండ్రి షాపులాంటి వాళ్లకు పాత రేటే. పొడి కొరత వచ్చినప్పుడు ట్యాంకులు ఎవరికి ముందు పంపిస్తానో మీరే ఆలోచించండి.

చందు_ఎంబీఏ

అన్నా, మీరు బిల్లుల మీద డబ్బిప్పించే ఆన్‌లైన్ వేదిక ట్రెడ్స్‌లోకి వెళ్లొచ్చు కదా? 250 కోట్ల టర్నోవర్ దాటిన కంపెనీలన్నీ అందులో చేరాలన్నారు. బిల్లు అక్కడ డిస్కౌంట్ చేసుకుంటే డబ్బు ముందే వస్తుంది, వడ్డీ కూడా కొనుగోలుదారు రేటింగ్ మీద పడుతుంది.

కాటేదాన్_ట్యాంకులు

చేరారు తమ్ముడూ. చేరడం వేరు, నా బిల్లును అందులో ఒప్పుకోవడం వేరు. వాళ్లు ఒప్పుకుని బటన్ నొక్కితేనే ఫైనాన్సర్ ముందుకొస్తాడు. ఈ ఏడాది నావి మూడు బిల్లులు నొక్కారు. ఆ మూడూ నాలుగు రోజుల్లో వచ్చాయి, అది నిజం.

ఖమ్మం_హార్డ్‌వేర్ (ఖమ్మం)

అందరూ క్రెడిటర్ల మీదే మాట్లాడుతున్నారు, నేను సరుకు గురించి చెప్తా. నాదీ ఇదే లైను. 60 రోజుల సరుకు అన్న సగటును నమ్మొద్దు అన్నా. నేను కూడా ఒకప్పుడు 'తగ్గించాలి' అనుకుని, ఎట్ల తగ్గించాలో తెలియక పైపుల లోడ్ ఆపిన. ఎందుకంటే పైపు కళ్లకు పెద్దగా కనపడుతది, ఆపుడు సులువు. పదిహేను రోజుల్లో నాలుగంగుళాల ఎస్‌డబ్ల్యూఆర్ పైపు అయిపోయింది. పైపు లేదంటే ప్లంబర్ ఎల్బో కూడా కొనడు, మొత్తం బిల్లు పక్క షాపుకు పోతది. ఫోన్‌లో 'రేపొస్తది అన్నా' అని చెప్పిన రోజులు ఇంకా యాదికొస్తయి.

తర్వాత ఒక ఆదివారం షట్టర్ దించి, కొడుకూ నేనూ ర్యాకులు లెక్కపెట్టినం. ప్రతి అట్టపెట్టె మీద అది వచ్చిన నెల మార్కర్‌తో రాసినం. మూడు నెలల తర్వాత చూస్తే, పైపులు 20 రోజులకోసారి తిరుగుతున్నయి. అరంగుళం, ముప్పావు సీపీవీసీ ఎల్బోలు, టీలు నెలకోసారి. రెండున్నర అంగుళాల రెడ్యూసర్లు, పాత మోడల్ ట్యాపులు మార్కర్ రాసిన రోజు ఎట్లున్నయో అట్లనే ఉన్నయి, పైన దుమ్ము కూడా కదల్లేదు. నా డబ్బు ఆగింది ఆ పెట్టెల్ల. అవి ఎందుకొచ్చినయంటే మార్చిలో టర్నోవర్ స్కీమ్ స్లాబ్ అందుకోవాలని సేల్స్ ఆఫీసర్ చెప్పిన సరుకంతా దించుకున్న. స్కీమ్‌ల వచ్చింది లక్షా పది వేలు, ఇరుక్కున్నది తొమ్మిది లక్షలు.

మీరు మీ 1.08 కోట్లను ముందు మూడు భాగాలు చేయండి. తర్వాత మాట్లాడుకుందాం.

గోదావరిగట్టు

చేశానండి, రెండు రాత్రులు పట్టింది. పైపులు 48 లక్షలు, ఫిట్టింగులు 42 లక్షలు, ట్యాపులు శానిటరీ 18 లక్షలు. ఆ 18లో 12 లక్షల సరుకు ఆరు నెలల నుంచి కదల్లేదు. నాన్నగారు 'ఎప్పటికైనా పోతాయిరా' అంటున్నారు. 30 శాతం తగ్గించి అమ్మితే 8.40 లక్షలు వస్తాయి. అమ్మేయాలా?

పాత_బ్యాంకరు

ఒక్క నిమిషం ఆగండి, డీపీ చూసుకోండి. 12 లక్షల సరుకు లెక్కలోంచి పోతే డీపీ 9 లక్షలు తగ్గుతుంది. చేతికొచ్చేది 8.40. అంటే ఆ సరుకు అమ్మిన నెలలో మీ చోటు 60 వేలు ఇంకా తగ్గుతుంది. అంచు మీద ఉన్న ఖాతా కాబట్టి ఒక్కసారే కాక మూడు నాలుగు నెలల్లో విడతలుగా అమ్మండి.

లెక్కలమ్మ_సీఏ

ఇక్కడ నాది కొంచెం వేరే అభిప్రాయం సర్. ఆ 12 లక్షల మీద వాళ్లు తీసుకుంటున్న 9 లక్షల డీపీయే నిలబడేది కాదు. కదలని సరుకును స్టాక్ ఆడిట్‌లో తీసేస్తారు. అప్పుడు 9 లక్షలు ఒక్క రోజులో పోతుంది, చేతిలో 8.40 కూడా ఉండదు. నేనైతే వీలైనంత తొందరగా అమ్మమంటాను, 60 వేల లోటు ఒక పాత బాకీ వసూలు చేసి పూడ్చుకోవచ్చు. జీఎస్‌టీ గురించి కూడా ఒకటి. నష్టానికి అమ్మినా ఇన్‌పుట్ క్రెడిట్ వెనక్కి ఇవ్వక్కర్లేదు. పుస్తకాల్లో రైటాఫ్ చేసి మూలన పడేస్తే ఇవ్వాలి.

పాత_బ్యాంకరు

మీరన్నది న్యాయమే మేడం. ఆడిట్ ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు మీ దారే మంచిది. ఈయన రెన్యూవల్ ఎనిమిది నెలల దూరంలో ఉంటే నేను విడతలే చెప్తాను. చెక్కు ఒక్కసారి తిరిగొస్తే మార్కెట్‌లో పేరు పాడవుతుంది, అది వెనక్కి రాదు.

ఖమ్మం_హార్డ్‌వేర్

పైపుల సంగతి కూడా చెప్తా. మీ 48 లక్షల పైపులు ఎందుకు పేరుకుంటున్నయో నాకు తెలుసు. ఫుల్ లారీ పెడితేనే డిపో నుంచి కిరాయి గిట్టుబాటయితది. పైపు బరువు తక్కువ, జాగా ఎక్కువ, సగం లారీ అంటే కిరాయి దాదాపు అంతే పడుతది. నేను పక్క ఊరి షాపాయనతో కలిసి ఒకే లారీ తెప్పిస్తున్న, వారం వారం. నాకు సగం, ఆయనకు సగం. నెలకు రెండు ఫుల్ లోడ్ల బదులు నాలుగు సగం లోడ్లు. కిరాయి పెరగలే, పైపుల సరుకు మూడో వంతు తగ్గింది. బిల్లులు మాత్రం వేరువేరుగా చేయించుకోండి.

చందు_ఎంబీఏ

సీడీ విషయంలో నేను తప్పుగా చెప్పాను, ఒప్పుకుంటున్నాను. డెల్, అమెజాన్ పోలిక కూడా సరిపోదు. అక్కడ కస్టమర్ ముందే కడతాడు, ఈ షాపు కస్టమర్లకు 45 రోజుల అరువు ఇవ్వాలి కదా. ఈ షాపుకు దగ్గరి పోలిక డీమార్ట్ అనుకుంటా. సప్లయర్లకు తొందరగా కట్టి, ధర తగ్గించుకుని, సరుకు వేగంగా తిప్పుతుందని పేరు. కానీ ఒక సందేహం. పీవీసీ రేటు పెరుగుతుందని తెలిసినప్పుడు కూడా సరుకు తక్కువగానే ఉంచాలా? కంపెనీ రేపటి నుంచి 4 శాతం పెంచితే, ఇవాళ ఒక నెల సరుకు ఎక్కువ కొన్నవాడికి 4 శాతం మిగులు, వడ్డీ ఒక శాతం కూడా కాదు.

ఖమ్మం_హార్డ్‌వేర్

పెరుగుతదని ఖాయమైతే మీ లెక్క కరెక్టే. నేను రెండుసార్లు అట్ల కొని సంపాదించిన, ఒకసారి రేటు తగ్గి పోగొట్టుకున్న. తగ్గితే షాపులోళ్లు కొత్త రేటుకే అడుగుతరు, పాత బిల్లు చూపిస్తే ఎవరూ వినరు.

పాత_బ్యాంకరు

సీసీ అంచుదాకా వాడేవాడికి ఆ అవకాశమే ఉండదు. 6.75 లక్షల చోటు మిగుల్చుకోవడం వల్ల ఉపయోగం అదే. రేటు పెరిగే రోజున కొనగలగడం. ఎంత కొనాలన్నది మాత్రం మీ వ్యాపారుల విద్య, అందులో నా మాట చెల్లదు.

గోదావరిగట్టు (ఐదు వారాల తర్వాత)

అందరికీ చెప్పాలని వచ్చానండి. పైపుల కంపెనీకి 21 రోజుల్లోనే కడుతున్నాం, సీడీ వదల్లేదు. జామ్‌నగర్ ఇద్దరిలో ఒకరు తయారీదారు, ఇంకొకరు కేవలం అమ్మేవారని సర్టిఫికెట్ల వల్ల తెలిసింది. తయారీదారుతోనూ వాషర్ల యూనిట్‌తోనూ 30 రోజులకు ఒప్పందం కాగితం మీద రాసుకున్నాం. 45 అడుగుదామనుకున్నాను, కాటేదాన్ గారి మాట చదివాక అడగబుద్ధి కాలేదు. ఒప్పందం తర్వాత వచ్చిన మొదటి బిల్లుకు ఇంకా 20 రోజులు కాలేదు, కాబట్టి క్రెడిటర్ల లెక్క ప్రస్తుతానికి మారలేదు.

కదలని సరుకులో 4 లక్షలది 3 లక్షలకు అమ్మాం. నాన్నగారు ఆ రోజు షాపుకు రాలేదు. మిగిలిన పెట్టెల మీద ఇప్పుడు ఆయనే మార్కర్‌తో నెల రాస్తున్నారు. కాకినాడ వైపు షాపు ఒకరితో లారీ పంచుకోవడం మొదలుపెట్టాక పైపులు, ఫిట్టింగులు కలిపి 7 లక్షలు తగ్గాయి. సరుకు 97 లక్షలకు వచ్చింది. ఈ నెల స్టేట్‌మెంట్ ప్రకారం డీపీ సుమారు 94, సీసీ బాకీ సుమారు 92. ఈ ఏడాదిలో మొదటిసారి నెలాఖరున ఎవరికీ ఫోన్ చేసి డబ్బు అడగలేదు.

టైల్స్ ఏజెన్సీ గురించి ఇంకా మనసులో ఉంది. డిపాజిట్, షోరూమ్ పని కలిపి 25 లక్షలవుతుంది. దానికి సీసీ ముట్టుకోకుండా విడిగా టర్మ్ లోన్ అడగమని మా బ్రాంచిలో అన్నారు. మూడేళ్లకా, ఐదేళ్లకా?

పాత_బ్యాంకరు

ఐదేళ్లకు అడగండి, మొదటి ఆరు నెలలు అసలు కట్టకుండా వడ్డీ మాత్రమే కట్టేలా. కానీ అప్లికేషన్ ఇచ్చే ముందు టైల్స్ సరుకు ఎన్ని రోజులకు తిరుగుతుందో, బిల్డర్లు ఎన్ని రోజులకు కడతారో ఆ లైనులో ఉన్న ఇద్దరిని అడిగి వచ్చి ఇక్కడ రాయండి. పైపుల్లో తొందరగా తిరిగే మీ డబ్బు అక్కడ డిజైన్ మారి ఆగిపోతుందేమోనని నాకు అనుమానం.

ఖమ్మం_హార్డ్‌వేర్

టైల్స్‌ల నా అనుభవం పైపుల కంటే ఘోరం. ఒక్కో డిజైన్‌కు మిగిలిపోయే ఆఖరి పది పెట్టెలు ఎవరూ కొనరు. రాత్రికి ఆ లెక్క రాస్తా.